డెబ్బై ఎనిమిది టారో కార్డులు: కీవర్డ్ బట్టీ పట్టాలా, కథగా చెప్పుకోవాలా?

టారో డెక్ కొత్తగా చేతికొచ్చిన వాళ్ళలో ఎక్కువమంది ముందు ఒక నోట్‌బుక్ తీస్తారు. ఒకవైపు కార్డు పేరు, దాని ఎదురుగా రెండు మూడు మాటలు. ఫైవ్ ఆఫ్ కప్స్ అంటే నష్టం, దుఃఖం. సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ అంటే ప్రయాణం, మార్పు. ది టవర్ అంటే కూలిపోవడం. ఇలా డెబ్బై ఎనిమిది వరసలు రాసుకుని రోజూ కొన్ని అప్పజెప్పుకుంటారు. ఇంకో రకం వాళ్ళు నోట్‌బుక్ జోలికే వెళ్ళరు. కార్డు మీది బొమ్మ చూసి అందులో ఎవరున్నారో, ఏం జరుగుతోందో తమకు తామే ఒక చిన్న కథ చెప్పుకుంటారు. మొదటివాళ్ళకు ఈ కథలు ఎవరికి తోచింది వాళ్ళు చెప్పే కబుర్లలా కనిపిస్తాయి. రెండోవాళ్ళకు ఆ నోట్‌బుక్ పరీక్షల చదువులా అనిపిస్తుంది.

ఏది మేలు అని అడిగితే డెక్ మొత్తానికి చెల్లే జవాబు లేదు. ఎందుకంటే డెబ్బై ఎనిమిదీ ఒకే రకం కార్డులు కావు. కొన్నింటికి కథ తప్ప ఇంకేదీ సరిగ్గా అతకదు. కొన్నింటికి ఒక్క మాట చాలు. ఇంకొన్నింటి దగ్గర రెండూ తడబడతాయి. కార్డులు నిజంగా జరగబోయేది చెబుతాయా అంటే, చెబుతాయనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. ఆ చర్చ ఇక్కడ పెట్టుకోవడం లేదు. ఒక కొత్త వ్యక్తి ఇన్ని అర్థాలను తలలో ఎలా నిలుపుకోగలడు, కార్డులు తీసి అర్థం చెప్పే రీడింగ్ సమయంలో అవి చేతికి అందేలా ఎలా చూసుకోగలడు అన్నదే ఇక్కడ ప్రశ్న.

రెండు పద్ధతులూ డెక్ చరిత్రలోనే ఉన్నాయి

టారో మొదట పేకాటే. పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆడుకోవడానికి పుట్టిన కార్డులివి. జోస్యానికి వాడటం, ఒక్కో కార్డుకు ఒక్కో అర్థం కట్టడం బాగా ఊపందుకున్నది పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, ఫ్రాన్స్‌లో. ఎటేయా అనే పేరుతో ప్రసిద్ధుడైన ఒక జోస్యుడు అప్పట్లో జోస్యం కోసమే ఒక డెక్ తయారుచేయించాడు. అందులో కార్డు మీదే మాట అచ్చువేశారు. నిటారుగా పడితే ఒక మాట, తలకిందులుగా పడితే మరో మాట. కీవర్డ్ పద్ధతి వయసు దాదాపు అంత. అప్పటికి వాడుకలో ఉన్న మార్సెయ్ తరహా డెక్‌లలో ఫైవ్ ఆఫ్ కప్స్ అంటే ఐదు కప్పులు, చుట్టూ ఆకుల అలంకారం, అంతే. అక్కడ మనిషి లేడు, సన్నివేశం లేదు. కథ చెప్పుకుందామన్నా పట్టు దొరకదు. అలాంటి డెక్‌కు మాటల జాబితా తప్పనిసరి అయింది.

1909లో లండన్‌లో రైడర్ సంస్థ ప్రచురించిన డెక్‌తో పరిస్థితి మారిపోయింది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచన చెప్పగా చిత్రకారిణి పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీసింది. దాదాపు అన్ని నెంబర్ కార్డులకూ మనుషులున్న సన్నివేశాలు గీయడం ఆమె చేసిన పెద్ద పని. అంతకు ముందు ఇలాంటిది అసలు లేదని కాదు. పదిహేనో శతాబ్దం చివరినాటి సోలా బుస్కా అనే ఇటాలియన్ డెక్‌లో నెంబర్ కార్డుల మీద బొమ్మలున్నాయి. స్మిత్ గీసిన త్రీ ఆఫ్ స్వోర్డ్స్‌లో మూడు కత్తులు దిగిన గుండె బొమ్మకు మూలం అక్కడే కనిపిస్తుంది. కానీ ఈ తరహాను లోకమంతటా వ్యాపింపజేసింది మాత్రం 1909 డెక్. ఇప్పుడు కొత్తవాళ్ళు కొనే డెక్‌లలో చాలావాటికి ఆ బొమ్మలే ఆధారం. కథ పద్ధతి సాధ్యమైందంటే అది స్మిత్ పుణ్యమే.

తమాషా ఏమిటంటే, అదే డెక్‌కు వెయిట్ రాసిన పుస్తకం మాత్రం మాటల జాబితాలతోనే నడుస్తుంది. ఎయిట్ ఆఫ్ కప్స్ దగ్గర ఆయన చెప్పేది చూస్తే నవ్వొస్తుంది. బొమ్మలో ఒక మనిషి పేర్చిన ఎనిమిది కప్పుల్ని వదిలేసి, రాత్రిపూట వీపు చూపించి కొండలవైపు నడిచిపోతుంటాడు. కార్డు అర్థం పైకే తెలుస్తోంది అంటాడు వెయిట్. ఆ వెంటనే దీనికి పూర్తిగా ఎదురయ్యే అర్థాలూ ఉన్నాయంటూ సంతోషం, మృదుత్వం, బిడియం, గౌరవం, అణకువ అని చేరుస్తాడు. ఇవి పాత జాబితాల నుంచి వచ్చిన మాటలు. బొమ్మతో వీటికి పొత్తు లేదు. కొత్తవాళ్ళ నోట్‌బుక్‌లో ఒకే కార్డు ఎదురుగా ఒకదానితో ఒకటి పొసగని మాటలు చేరడానికి ఇదొక కారణం. అర్థాలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు డెక్‌ల నుంచి వచ్చి ఒకే పేరు కింద కూడాయి.

మాటలు ఎక్కడ కలిసిపోతాయి

కీవర్డ్ పద్ధతిని తక్కువ చేయనక్కర్లేదు. మొదటి రెండు మూడు రోజులు అది చాలా వేగంగా సాగుతుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, మనిషి జీవితం గురించి చెప్పుకోవడానికి పెద్ద మాటలు పాతికో ముప్పయ్యో ఉంటాయి. కార్డులేమో డెబ్బై ఎనిమిది. కాబట్టి అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. మార్పు అన్న మాట డెత్ దగ్గర ఉంటుంది, టవర్ దగ్గర ఉంటుంది, వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ దగ్గరా ఉంటుంది. దుఃఖం త్రీ ఆఫ్ స్వోర్డ్స్‌కూ, నైన్ ఆఫ్ స్వోర్డ్స్‌కూ, ఫైవ్ ఆఫ్ కప్స్‌కూ రాసిపెట్టి ఉంటుంది. ఎంపిక అంటే టూ ఆఫ్ స్వోర్డ్సా, సెవెన్ ఆఫ్ కప్సా, ది లవర్సా?

ఒకే మాట నాలుగు కార్డులకు తగిలిస్తే ఆ మాట ఏ కార్డునూ గట్టిగా పట్టుకోలేదు. జ్ఞాపకం మీద పనిచేసేవాళ్ళు దీన్ని అడ్డంకి అంటారు: దగ్గర దగ్గరగా ఉన్న జ్ఞాపకాలు ఒకదాన్నొకటి లాగి కింద పడేస్తాయి. అందుకే చాలామందికి మొదటి ఇరవై కార్డులు సులువుగా వచ్చి, నలభై దాటాక ముందు వచ్చినవి కూడా పోతున్నట్టు అనిపిస్తుంది. కొత్తగా చేరిన మాటలు పాత మాటల మీద పడటం వల్ల జరిగేదది. అక్కడ ఇంకాస్త గట్టిగా బట్టీ పడితే పెద్దగా లాభం ఉండదు.

ఒక గుంపును దగ్గరగా చూస్తే ఇది బాగా తెలుస్తుంది. వెళ్ళిపోవడం అన్న మాట కింద మూడు కార్డులు పడతాయి: ఎయిట్ ఆఫ్ కప్స్, సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్, సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్. జాబితాలో వీటి మధ్య తేడా చెప్పడం కష్టం. బొమ్మల దగ్గరికి వస్తే మూడూ మూడు దారులు. ఎయిట్ ఆఫ్ కప్స్‌లో మనిషి ఒంటరిగా నడిచిపోతాడు. తరిమినవాళ్ళు లేరు, వెనకాల కప్పులు చక్కగానే నిలబడి ఉన్నాయి. అవి చాలవనిపించి తనంతట తాను వెళ్తున్నాడు. సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్‌లో పడవ నడిపేది ఇంకొకరు. ముసుగు కప్పుకున్న ఒక స్త్రీ, పక్కన ఒక బిడ్డ, పడవలో ఆరు కత్తులు నిలువుగా గుచ్చి ఉన్నాయి. కష్టం వెనకే ఉండిపోలేదు, వెంట వస్తోంది; అయినా సాయం దొరికింది, అవతలి ఒడ్డు కనిపిస్తోంది. సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్‌లో ఒకడు గుడారాల దగ్గర నుంచి ఐదు కత్తులు పట్టుకుని మునివేళ్ళ మీద జారుకుంటున్నాడు, రెండు అక్కడే మిగిలిపోయాయి, అతని తల వెనక్కి తిరిగి ఉంది. ఇది దొంగచాటు వెళ్ళడం, అదీ సగం పనే పూర్తయిన వెళ్ళడం. ఎవరు వెళ్తున్నారు, ఎవరి సాయంతో, వెనక ఏం వదిలారు అన్న మూడు సంగతులు పట్టుకుంటే ఈ మూడు కార్డులు మళ్ళీ కలిసిపోవు. ఒక్క మాటలో ఇంత తేడా ఇమడదు.

గొలుసు కథ బలం, దాని ఇబ్బంది

కథ జ్ఞాపకానికి సాయపడుతుందన్నది ప్రయోగంలో తేలిన విషయమే. 1969లో గోర్డన్ బోవర్, మైఖేల్ క్లార్క్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు పదేసి నామవాచకాలున్న పన్నెండు జాబితాలు ఇచ్చారు. ఒక బృందం ఒక్కో జాబితాలోని మాటలతో ఒక చిన్న కథ అల్లుకుంది. ఇంకో బృందానికి అంతే సమయం ఇచ్చి మామూలుగా నేర్చుకోమన్నారు. జాబితా చదివిన వెంటనే అడిగితే రెండు బృందాలూ దాదాపు సమానంగా చెప్పాయి. పన్నెండూ అయ్యాక మొత్తం అడిగినప్పుడు కథలు అల్లినవాళ్ళకు సుమారు 93 శాతం గుర్తుంది, రెండో బృందానికి 13 శాతం.

టారో నేర్చుకునేవాళ్ళు ఇందులో గమనించాల్సింది ఆ మొదటి ఫలితం. వెంటనే అడిగితే తేడా లేదు. నోట్‌బుక్ చదివి అప్పటికప్పుడు అప్పజెప్పుకునే వాళ్ళకు అన్నీ వచ్చేసినట్టు అనిపించడానికి కారణం ఇదే. ఆ రోజు పరీక్ష ఆ రోజే పెట్టుకుంటున్నారు, అదీ ఒకే సూట్‌లో, అంటే ఒకే గుర్తున్న కార్డుల్లో. అసలు రంగు వారం తర్వాత డెక్ మొత్తం షఫుల్ చేసినప్పుడు బయటపడుతుంది.

అయితే ఆ ప్రయోగంలో విద్యార్థులు మాటల్ని వరసలో చెప్పాలి. టారోలో కార్డులు వరసలో రావు. కథ పద్ధతిని మెచ్చుకునేవాళ్ళు ఈ తేడాను ఎక్కువగా పట్టించుకోరు. ఏ సూట్‌కూ చెందని, మేజర్ ఆర్కానా అనే ఇరవై రెండు కార్డులకు ఫూల్ ప్రయాణం అని ఒక గొలుసు కథ బాగా ప్రచారంలో ఉంది. సున్నా నెంబర్ ఫూల్ బయల్దేరి మెజీషియన్‌ను కలుస్తాడు, తర్వాత హై ప్రీస్టెస్‌ను, ఎంప్రెస్‌ను, అలా చివరకు వరల్డ్ దాకా వెళ్తాడు. వినడానికి బాగుంటుంది, వరస మర్చిపోవడం అంటూ ఉండదు. కానీ రీడింగ్‌లో హఠాత్తుగా టెంపరెన్స్ పడితే, కథ మీదే ఆధారపడిన వ్యక్తి హ్యాంగ్డ్ మ్యాన్ దగ్గర మొదలుపెట్టి, డెత్ దాటి, అప్పుడు టెంపరెన్స్ దగ్గరకు చేరతాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు ఆ మౌనం అర్థం కాదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఒకే కథానాయకుడు అన్ని కార్డుల దగ్గరికీ వెళ్తుంటే ప్రతి కార్డూ అతనికి ఒక పాఠం అవుతుంది. హెర్మిట్ అంటే ఫూల్ ఒంటరితనం నేర్చుకున్నాడు, డెవిల్ అంటే ఫూల్ తన బలహీనత తెలుసుకున్నాడు. అన్నీ నేర్చుకోవడమే అయ్యేసరికి కార్డుల మధ్య పదును పోతుంది. పైగా ఈ వరస అన్ని డెక్‌లలో ఒకటి కాదు. మార్సెయ్ డెక్‌లో ఎనిమిది జస్టిస్, పదకొండు స్ట్రెంగ్త్. వెయిట్ డెక్‌లో ఆ రెండూ తారుమారయ్యాయి. డెక్ మారితే కథ మధ్యలో గతుకు వస్తుంది. ఫూల్ ప్రయాణాన్ని ఒకసారి సరదాగా చదువుకుని, అందులో పనికొచ్చే పక్కపక్క జంటల్ని మాత్రం ఉంచుకోవడం మేలు. టవర్ తర్వాత స్టార్ వస్తుంది: అంతా కూలాక ఆకాశం తేటపడుతుంది. ఇలాంటి జంట ఒక కార్డు చూడగానే రెండోదాన్ని కూడా చేరువ చేస్తుంది, అంతకు మించి గొలుసు లాగదు.

చిన్న కథ: కప్స్ సూట్ మీద పెట్టి చూస్తే

కాబట్టి కథ అంటే గొలుసు కాకూడదు. ఒక్కో కార్డుకు తనదైన కథ, రెండు మూడు వాక్యాలకు మించనిది కావాలి. ఆ కథ బొమ్మలో కనిపించే వాటితోనే అల్లాలి. మొదలుపెట్టడానికి మూడు ప్రశ్నలు చాలు: ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, చూపు ఎటు ఉంది? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ కప్స్ సూట్‌లో దాదాపు పని అంతా అదే చేస్తుంది.

ఫోర్ ఆఫ్ కప్స్‌లో ఒక కుర్రాడు చెట్టు కింద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముందు గడ్డి మీద మూడు కప్పులు. మబ్బులోంచి ఒక చెయ్యి నాలుగోది అందిస్తోంది, అతను దానివైపు చూడటం లేదు. ఫైవ్‌లో నల్లటి అంగీ కప్పుకున్న మనిషి ఒరిగిపోయిన మూడు కప్పుల్నే చూస్తున్నాడు. వెనకాల రెండు నిలబడే ఉన్నాయి, దూరంగా నది మీద వంతెన కూడా ఉంది. సిక్స్‌లో ఒక పిల్లవాడు పూలు నింపిన కప్పును ఒక చిన్నపిల్లకు ఇస్తున్నాడు. సెవెన్‌లో ఒక మనిషి నీడలా నిలబడి మబ్బుల్లో తేలుతున్న ఏడు కప్పుల్ని చూస్తున్నాడు: ఒకదాంట్లో కోట, ఒకదాంట్లో నగలు, ఒకదాంట్లో పాము. చేతిలో మాత్రం ఏదీ లేదు. ఎయిట్‌లో చూపు మనకు కనిపించదు, వీపే కనిపిస్తుంది. నైన్‌లో ఒక మనిషి మళ్ళీ చేతులు కట్టుకునే కూర్చున్నాడు, కానీ తలెత్తి నేరుగా మనవైపు చూస్తున్నాడు. వెనక తొమ్మిది కప్పులు వరసగా పేర్చి ఉన్నాయి.

ఫోర్‌లోనూ నైన్‌లోనూ చేతులు కట్టుకున్న మనిషే ఉన్నాడు. కథ పద్ధతిలో కొత్తవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇలాంటి చోటే: మాటలు కలిసిపోవడానికి బదులు బొమ్మలు కలిసిపోతాయి. చూపు గమనించినవాళ్ళకు ఆ ఇబ్బంది లేదు. ఒకడు ఇస్తున్నదాన్ని చూడటం లేదు, ఇంకొకడు ఉన్నదాన్ని అందరికీ చూపిస్తున్నాడు. ఫోర్‌కు విసుగు, నైన్‌కు తృప్తి అన్న మాటలు ఇప్పుడు ఎవరూ రాయించకుండానే వస్తాయి. కీవర్డ్‌కు సరైన చోటు ఇక్కడ ఉంది. కథ చెప్పుకున్నాక, ఆ కథకు తగిన ఒక్క మాటను నేర్చుకునేవాళ్ళే ఎంచి కార్డుకు తగిలించాలి. ముందు మాట, తర్వాత బొమ్మ అయితే కళ్ళు ఆ మాట కోసమే వెతుకుతాయి. ఫైవ్ ఆఫ్ కప్స్ అంటే దుఃఖం అని ముందే చదివినవాళ్ళు వెనకున్న రెండు కప్పుల్ని చాలా రోజులు చూడనే చూడరు. ఆ కార్డులో సగం అర్థం ఆ రెండు కప్పుల్లోనే ఉంది.

మూడు కార్డులు ఒకచోట పడితే

పరీక్ష తప్పిన ఒక వ్యక్తి మళ్ళీ రాయాలా వద్దా అని అడిగాడనుకుందాం. మూడు కార్డులు తీస్తే ఫైవ్ ఆఫ్ కప్స్, ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్, టూ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చాయి.

నోట్‌బుక్ చెప్పేది: దుఃఖం, శ్రమ, సందిగ్ధం. చదివేవాళ్ళు వీటిని కలిపి, మీరు బాధపడుతున్నారు, కష్టపడాలి, కానీ తేల్చుకోలేకపోతున్నారు అంటారు. తప్పేమీ లేదు. కానీ ఇదంతా అడిగిన మనిషికి ముందే తెలుసు. మూడు మాటలు మూడు రాళ్ళలా పక్కపక్కన పడి ఉన్నాయి, వాటి మధ్య ఏ సంబంధమూ లేదు.

కథ తెలిసినవాళ్ళు బొమ్మలు చూస్తారు. మొదటి కార్డులో చూపు ఒరిగినవాటి మీదే ఉంది. రెండోదాంట్లో ఒక పనివాడు బల్ల మీద కూర్చుని సుత్తితో, ఉలితో ఒక నాణేన్ని చెక్కుతున్నాడు. పూర్తయినవి పక్కన వేలాడుతున్నాయి, ఊరు దూరంగా వెనక ఉంది, అతని చూపు చేతిలో ఉన్న ఒక్కదాని మీదే. మూడోదాంట్లో ఒక స్త్రీ కళ్ళకు గంతలు కట్టుకుని, ఎదపైన రెండు కత్తులు అడ్డంగా పట్టుకుని కూర్చుంది, వెనక సముద్రం. పోయినదాన్ని చూడటం, పనిని చూడటం, అసలు చూడకపోవడం. ఇలా చూస్తే రీడింగ్ తీరే మారుతుంది. తేల్చుకోలేకపోవడానికి కారణం రెండు దారులూ సమానంగా ఉండటం కాకపోవచ్చు, ఎక్కడ తప్పిందో ఇంకా విప్పి చూసుకోకపోవడం కావచ్చు. అలాంటప్పుడు రాయాలా వద్దా అన్న ప్రశ్న కంటే ముందు జవాబు పత్రం ఎక్కడ దెబ్బతిందో చూశారా అన్న ప్రశ్న వస్తుంది. ఇది అడిగిన మనిషికి కొత్తగా వినిపించే మాట.

ఇక్కడే కథకు కళ్ళెం కూడా కావాలి. నిలబడ్డ రెండు కప్పులు పాసైన రెండు సబ్జెక్టులు, వంతెన అంటే వేరే ఊళ్ళో కోచింగ్ అంటూ పోతే అది బొమ్మ చెప్పేది కాదు, చదివేవాళ్ళు అల్లేది. కథ దారి తప్పిందో లేదో తెలుసుకోవడానికి కార్డుకు తగిలించుకున్న ఆ ఒక్క మాట పనికొస్తుంది. ఫైవ్ ఆఫ్ కప్స్ గురించి చెప్పిన కథలో నష్టం అన్నదే కనబడకుండా పోతే, కథ కార్డును వదిలేసి చాలా దూరం వెళ్ళిపోయినట్టే.

కథ గడ్డకట్టినప్పుడు

మొదటి నెలలో బాగా పనిచేసిన కథ తర్వాత ఇబ్బంది పెట్టే సందర్భం ఒకటుంది. చాలామంది కప్స్ సూట్ మొత్తాన్ని ఒక ప్రేమకథగా నేర్చుకుంటారు. ఏస్‌లో మనసు పొంగింది, టూలో ఇద్దరూ కలిశారు, త్రీలో స్నేహితులు వేడుక చేసుకున్నారు, ఫైవ్‌లో విడిపోయారు, టెన్‌లో ఇంద్రధనుస్సు కింద పిల్లాపాపలతో సుఖంగా ఉన్నారు. గుర్తుండటానికి ఇంతకంటే మంచి దారి లేదనిపిస్తుంది. కానీ ఎవరైనా డబ్బు గురించి అడిగినప్పుడు ఫైవ్ ఆఫ్ కప్స్ పడితే నోట్లోంచి మొదట వచ్చేది బ్రేకప్ అన్న మాటే.

దీన్ని కనిపెట్టడం తేలిక. ఒక కార్డు తీసి దాని మీద నాలుగు వేర్వేరు ప్రశ్నలు వేసుకోవాలి: ఉద్యోగం, డబ్బు, కుటుంబం, చదువు. నాలుగింటికీ ఒకే జవాబు వస్తుంటే, లేదా ఒకదానికి తప్ప మిగతావాటికి ఏమీ తోచకపోతే కథ గడ్డకట్టిందని అర్థం. అప్పుడు పాత కథను పడేయక్కర్లేదు. పాత్రల పేర్లు, బంధాలు తీసేసి మళ్ళీ ఆ మూడు ప్రశ్నల దగ్గరకు వస్తే చాలు. ఒక మనిషి ఒరిగినవాటిని చూస్తున్నాడు, నిలబడ్డవాటిని చూడటం లేదు. ఈ వాక్యం డబ్బుకూ సరిపోతుంది, ఉద్యోగానికీ సరిపోతుంది.

కథకు లొంగని ఇరవై కార్డులు

ఏస్‌లు నాలుగింటిలోనూ మబ్బులోంచి ఒక చెయ్యి వచ్చి ఆ సూట్ గుర్తును పట్టుకుని ఉంటుంది. కప్స్ అంటే నీరు, మనసు; వాండ్స్ అంటే నిప్పు, ఉత్సాహం; స్వోర్డ్స్ అంటే గాలి, ఆలోచన; పెంటకిల్స్ అంటే నేల, డబ్బూ శరీరమూ. ఏస్ అంటే దాని మొదలు. ఇంతకు మించి కథ అల్లబోతే టైమ్ వేస్ట్.

అసలు చిక్కు కోర్ట్ కార్డులది. పేజ్, నైట్, క్వీన్, కింగ్, నాలుగు సూట్‌లకు కలిపి పదహారు. ఇవి ఎక్కువగా చేతిలో వస్తువు పట్టుకుని కూర్చున్న లేదా నిలబడ్డ మనుషులు, అంటే పాత్రలున్నాయి కానీ సంఘటన లేదు. కీవర్డ్ జాబితాలు వీటికి దయగల స్త్రీ, నిజాయితీపరుడైన పురుషుడు లాంటి మాటలిస్తాయి, అవి ఎవరికైనా సరిపోతాయి. ఈ పదహారింటికి మాట కంటే, కథ కంటే గడుల పట్టిక మేలు. నిలువుగా నాలుగు హోదాలు, అడ్డంగా నాలుగు సూట్‌లు. పేజ్ నేర్చుకునేవాడు, నైట్ పరుగెత్తేవాడు, క్వీన్ లోపల నిలుపుకునేది, కింగ్ బయట నడిపేవాడు. నాలుగు, నాలుగు కలిపి ఎనిమిది సంగతులు గుర్తుంటే పదహారు కార్డులూ వాటినుంచే పుడతాయి.

నైట్‌ల దగ్గర స్మిత్ ఒక మంచి సాయం చేసింది, గుర్రాలను చూస్తే చాలు. స్వోర్డ్స్ నైట్ గుర్రం దౌడు తీస్తోంది. వాండ్స్ గుర్రం ముందుకాళ్ళు పైకెత్తింది. కప్స్ గుర్రం నెమ్మదిగా అడుగేస్తోంది. పెంటకిల్స్ గుర్రం కదలకుండా నిలబడింది. ఆలోచన ముందూ వెనకా చూడకుండా దూకుతుంది, ఉత్సాహం ఒకచోట ఆగలేదు, మనసు తన వేగంతో వెళ్తుంది, డబ్బు వ్యవహారం ఆచితూచి నిలబడుతుంది. పదహారులో నాలుగు ఇలా ఒక్క చూపులో వచ్చేస్తాయి.

మేజర్ ఆర్కానాలో చాలావాటికి పేరే కీవర్డ్. జస్టిస్, స్ట్రెంగ్త్ అని కార్డు కిందే అచ్చువేసి ఉంటుంది. వెయిట్ డెక్‌లో రెండు నుంచి పది దాకా ఉన్న నెంబర్ కార్డుల మీద అంకె తప్ప పేరు లేదు. ఆ ముప్పై ఆరు కార్డులే కథకు అసలైన చోటు. మేజర్‌లలో డెత్, హ్యాంగ్డ్ మ్యాన్ లాంటి భయపెట్టే పేర్లకు మాత్రం బొమ్మ దగ్గర కాసేపు ఆగడం మంచిది. హ్యాంగ్డ్ మ్యాన్ ఒక కాలితో తలకిందులుగా వేలాడుతున్నాడు, కానీ ముఖంలో బాధ లేదు, తల చుట్టూ వెలుగుంది. పేరు చూసి టెన్షన్ పడేవాళ్ళకు ఆ ముఖం చూపిస్తే సగం పని అయిపోతుంది.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

చదువుకున్నదాన్ని మళ్ళీ చదవడం కంటే, చూడకుండా గుర్తుతెచ్చుకోవడం ఎక్కువ నిలబడుతుందని జ్ఞాపకం మీద జరిగిన ప్రయోగాలు పదే పదే చూపించాయి. అందుకే డెక్‌ను సూట్‌ల వారీగా కాకుండా మొత్తం షఫుల్ చేసి తీయాలి. కార్డు తిప్పాక పుస్తకం ముట్టుకోకుండా అర్థం చెప్పాలి. వెంటనే వచ్చినవి ఒక కుప్ప, ఆగి ఆలోచించాల్సి వచ్చినవి ఇంకో కుప్ప. రెండో కుప్పను మర్నాడు మళ్ళీ, మొదటిదాన్ని నాలుగైదు రోజుల తర్వాత తీయాలి. రెండు కార్డుల మధ్య తికమక వస్తే వాటిని విడివిడిగా చదవడం వల్ల ఒరిగేదేమీ లేదు. పక్కపక్కన పెట్టి, బొమ్మలో ఏ ఒక్క వివరం వీటిని వేరుచేస్తుందో పట్టుకోవాలి.

వెనక నుంచి ముందుకు కూడా ఒక పరీక్ష ఉంది, దీన్ని చేసేవాళ్ళు తక్కువ. ముందు ఒక సందర్భం చెప్పుకుని దానికి కార్డు వెతకాలి. ఉన్నది బాగానే ఉన్నా సరిపోక తనంతట తాను వెళ్ళిపోయేవాడు ఏ కార్డు? సాయం తీసుకుని వెళ్ళేవాడు? చెప్పకుండా జారుకునేవాడు? నోట్‌బుక్ మీదే ఆధారపడ్డవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు, ఎందుకంటే వాళ్ళు కార్డు నుంచి మాటకు దారి వేసుకున్నారే కానీ తిరుగుదారి వేసుకోలేదు.

ఇక తలకిందులుగా పడే రివర్స్డ్ కార్డుల సంగతి. కీవర్డ్ పద్ధతిలో అవి మరో డెబ్బై ఎనిమిది వరసలు, మొత్తం నూట యాభై ఆరు. కథ తెలిసినవాళ్ళకు కొత్త జాబితా అక్కర్లేదు. బొమ్మలో జరుగుతున్న పని ఆగిపోయిందా, వెనక్కి తిరిగిందా, ఇప్పుడే ముగుస్తోందా అని అడిగితే చాలు. తలకిందులైన ఎయిట్ ఆఫ్ కప్స్‌లో ఆ మనిషి వెళ్ళలేక ఆగాడా, లేక వదిలేసినదాని దగ్గరకు తిరిగి వస్తున్నాడా అన్నది ప్రశ్నను, పక్కన పడ్డ కార్డులను బట్టి తేలుతుంది. నిటారు కార్డులు షఫుల్ పరీక్షలో తడబడకుండా వచ్చేదాకా రివర్స్డ్ జోలికి పోకపోవడమే తెలివైన పని.

ఎప్పుడైనా మార్సెయ్ డెక్ పట్టుకుంటే స్మిత్ బొమ్మల మీద కట్టుకున్న కథలు అక్కడ కనిపించవు. ఐదు కప్పులు, ఆకులు, అంతే. థోత్ అనే మరో డెక్‌లో నెంబర్ కార్డుల కింద ఒక్కో మాట అచ్చువేసి ఉంటుంది, ఫైవ్ ఆఫ్ కప్స్ కింద ఆశాభంగం అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తుంది. స్మిత్ కథతో అది కొంత కలుస్తుంది. అన్ని కార్డులూ ఇలా కలవవు. సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ కింద అక్కడ విజ్ఞానం అని ఉంటుంది, పడవ మీద వెళ్ళే తల్లీబిడ్డల కథతో దానికి లంకె దొరకదు. డెక్ మార్చేవాళ్ళు అలాంటి కార్డుల్ని ముందే ఏరి పక్కన పెట్టుకుని, వాటికి మాత్రం కొత్తగా మొదలుపెట్టాలి.